ఒకే ఖాతా పుస్తకం

డేటాబేస్ క్లాసు అయిపోయాక ఒకమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి అడిగింది. శనివారం శనివారం వరంగల్ స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌లో ఇంటికి వెళ్లొచ్చే పిల్ల. "సార్, జనరల్ టికెట్‌కి యూపీఐలో కడితే ఇంకో యాప్‌లోకి వెళ్లాలి, పిన్ కొట్టాలి, వెనక్కి రావాలి. ఆర్-వాలెట్‌లో కడితే నొక్కగానే టికెట్ వచ్చేస్తుంది. డబ్బులు నావే, ఫోను అదే. మరి తేడా ఎందుకు?"

ఆ రోజు ఏదో నాలుగు ముక్కలు చెప్పి పంపేశాను. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, ఆమె అడిగింది ఆ వారం నేను చెప్పిన పాఠమేనని.

హాస్టల్ మెస్సులో టోకెన్లు కొన్నవాళ్లకు సగం సంగతి ముందే తెలుసు. నెల మొదట్లో డబ్బు కట్టి టోకెన్ల పుస్తకం తీసుకుంటాం. తర్వాత భోజనానికి వెళ్లినప్పుడల్లా ఒకటి చింపిస్తే చాలు, ఎవరూ పర్సు తీయరు. ఆ టోకెను పక్క టిఫిన్ సెంటర్లో చెల్లదు, మెస్సులో ఇచ్చి నగదు అడిగినా ఇవ్వరు. రిజర్వు బ్యాంకు భాషలో ఇలాంటిది 'క్లోజ్డ్ సిస్టమ్'. ఒక సంస్థ తన దగ్గర కొనుక్కోవడానికి మాత్రమే ముందుగా డబ్బు తీసుకుంటే, అందులోంచి నగదు తీసే వీలు లేకపోతే, దానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. రైల్వే ఆర్-వాలెట్ ఈ కోవలోదే. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం క్రిస్ తయారుచేసిన యూటీఎస్ యాప్‌లో ఉండేది, దాంతో రైల్వే టికెట్టే కొనగలం.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ముందు యూపీఐ దారి. టికెట్ 70 రూపాయలు అనుకుందాం. మీరు పిన్ కొట్టగానే ఆ కబురు మీ యాప్ నుంచి ఎన్‌పీసీఐకి వెళ్తుంది. అది మీ బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు పిన్ సరిచూసి, తన పుస్తకంలో 70 తగ్గించి, "అయింది" అంటుంది. ఆ తర్వాత అమ్మేవాడి బ్యాంకు తన పుస్తకంలో 70 రాసుకోవాలి. ఆ జవాబు మళ్లీ పేమెంట్ గేట్‌వే మీదుగా టికెట్ ఇచ్చే సర్వరుకు చేరాలి. అప్పుడే టికెట్ తయారవుతుంది. అంటే మీ బ్యాంకు, అవతలి బ్యాంకు, టికెట్ల సర్వరు, ఈ మూడు చోట్లా మూడు వేరు వేరు పుస్తకాలు. మూడింటినీ ఒకేసారి మూసి తెరిచే చేయి ఎవరికీ లేదు.

చాలాసార్లు ఇదంతా కొద్ది సెకన్లలో అయిపోతుంది. చిక్కు వచ్చేది జవాబు దారిలో తప్పిపోయినప్పుడే. మీ బ్యాంకు 70 తగ్గించేసింది, "అయింది" అన్న కబురు మాత్రం టికెట్ల సర్వరుకు అందలేదు. కబురు రాకపోతే దానికి అర్థం డబ్బు కోత పడలేదనా, పడిందనా? సర్వరు ఊహించకూడదు. పడిందనుకుని టికెట్ ఇస్తే రైల్వే నష్టపోవచ్చు, పడలేదనుకుంటే మీరు. అందుకే అదే లావాదేవీ నంబరుతో మళ్లీ అడుగుతుంది: "ఇది ఏమైంది?" కొత్త నంబరుతో అడిగితే ఇంకోసారి కోత పడే ప్రమాదం ఉంది మరి. ఎంతకీ తేలకపోతే తెరమీద పెండింగ్ అని వస్తుంది. దుకాణాలకు చేసే యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో ఆగితే 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలని, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నియమం పెట్టింది. డబ్బు వస్తుంది, నిజమే. రైలు మాత్రం అయిదు రోజులు ఆగదు.

ఇక వాలెట్ దారి. మీ నిల్వ, మీ టికెట్ రెండూ ఒకే యజమాని దగ్గరున్నాయి. దీన్ని మరుసటి క్లాసులో బోర్డు మీద ఇలా రాశాను (రైల్వే వాళ్ల కోడ్ కాదు, పద్ధతి చూపించడానికి నేను రాసుకున్నది):

```
BEGIN;
UPDATE wallet SET bal = bal - 70
 WHERE id = 7 AND bal >= 70;
-- 0 rows: ROLLBACK
INSERT INTO ticket VALUES (901, 7, 70);
COMMIT;
```

ఇందులో నాకు ముద్దొచ్చేది మూడో వరుస. నిల్వ సరిపోతుందా అని ముందు చూసి, తర్వాత తగ్గించడం కాదు. చూడటం, తగ్గించడం ఒకే పనిగా జరుగుతాయి. 100 రూపాయలున్న వాలెట్ మీద ఒకే క్షణంలో రెండు టికెట్ల కోరికలు వచ్చాయనుకోండి. విడివిడిగా చూస్తే రెండింటికీ 100 కనిపిస్తుంది, రెండూ సరేనంటాయి, నిల్వ మైనస్‌లోకి పోతుంది. ఇక్కడ మొదటిది ఆ వరుసను పట్టుకుని 30కి దించేదాకా రెండోది ఆగాలి. ఆగి చూస్తే 30 కనిపిస్తుంది, దానికి టికెట్ రాదు. BEGIN కీ COMMIT కీ మధ్య కరెంటు పోయినా సరే, డబ్బు తగ్గి టికెట్ రాకపోవడం ఉండదు: రెండూ జరుగుతాయి, లేదంటే రెండూ జరగవు. COMMIT అయ్యాక ఫోన్ సిగ్నల్ పోయిందా, టికెట్ సర్వరులో భద్రంగానే ఉంటుంది. యాప్ మళ్లీ తెరిస్తే కనిపిస్తుంది.

మరి ఆ కష్టమంతా మాయమైపోయిందా? లేదు, జరిగింది. వాలెట్‌లో డబ్బు వేసినప్పుడు మీరు నడిచింది అచ్చంగా ఆ పాత దారే: బ్యాంకు, గేట్‌వే, మధ్యలో జవాబు తప్పిపోయే ప్రమాదం, అన్నీ. బ్యాంకులో 500 కోత పడి వాలెట్ నిల్వ పెరగకపోవడం అక్కడా సాధ్యమే. అందుకే నిల్వ పెంచేముందు సర్వరు బ్యాంకు ఇచ్చిన లావాదేవీ నంబరును చూసుకుంటుంది. ఆ నంబరు మీద ఇదివరకే వేసి ఉంటే మళ్లీ వేయదు. కాకపోతే ఈ తంతు గురువారం రాత్రి గదిలో కూర్చున్నప్పుడు జరుగుతుంది, గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫాం మీదికి వస్తున్నప్పుడు కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ ఏడు టికెట్లకు ఏడు వరుసలుండవు, 500 అని ఒక్కటే ఉంటుంది. ఆ డబ్బు ఏ రైలుకు ఖర్చయిందో బ్యాంకుకు తెలియదు.

డబ్బు స్వభావమే మారిపోయిందని కూడా ఆ అమ్మాయికి చెప్పాను. ఖాతాలో ఉన్న 500 మీ డిపాజిట్. దానికి వడ్డీ ఉంది, బ్యాంకు మునిగితే 5 లక్షల వరకు బీమా ఉంది. వాలెట్‌లోకి వెళ్లాక అది రైల్వే మీకు బాకీపడ్డ ప్రయాణం. కిరాణా కొట్టు ఖాతా తలకిందులైనట్టన్నమాట, అక్కడ మనం బాకీ, ఇక్కడ కొట్టు మనకు బాకీ. మనల్ని ఒప్పించడానికి రైల్వే యూటీఎస్ యాప్‌లో డబ్బు వేస్తే 3 శాతం బోనస్ ఇచ్చింది: 500 వేస్తే 515. సేవింగ్స్ ఖాతాలో 3 శాతం వడ్డీకి ఆ 15 రావాలంటే ఏడాది పడుతుంది. బేరం బాగుంది, రైలెక్కే వాళ్లకైతే. ఆ 15తో స్టేషన్ బయట చాయ్ రాదు.

దీని ముందు తరం ఏటీవీఎం కార్డు. స్టేషన్లలో టికెట్ యంత్రం మీద పెట్టే ఆ స్మార్ట్ కార్డులో నిల్వ కార్డులోనే ఉండేది, వాలెట్‌లో అది సర్వరుకు మారింది కాబట్టి ఫోను పోయినా లెక్క పోదు. 2014లో ముంబై లోకల్ రైళ్లతో మొదలైన యూటీఎస్ యాప్ తర్వాత మన దాకా వచ్చింది, 2025లో రైల్‌వన్ వచ్చింది. ఈలోగా 2022లో యూపీఐ లైట్ అంటూ బ్యాంకుల వాళ్లే చిన్న మొత్తాలకు ముందే డబ్బు వేసి ఉంచుకునే పద్ధతి తెచ్చారు. ప్రతి చాయ్‌కీ బ్యాంకు అసలు పుస్తకం తెరవాల్సిన పని తప్పించడానికి. వాలెట్ మీద పోటీలో గెలిచిన యూపీఐ చివరికి వాలెట్ ఉపాయాన్నే అరువు తెచ్చుకుంది. కాకపోతే అది ఏ దుకాణంలోనైనా చెల్లుతుంది.

వారం తర్వాత ఆ అమ్మాయే మళ్లీ వచ్చింది. "సార్, వాలెట్‌లో 32 ఉన్నాయి, టికెట్ 70. బ్యాంకులో వేలున్నా ఇవ్వనంది." ఇవ్వదు. ఆ WHERE కి 32 తప్ప ఇంకేం కనిపించదు. కనీసం 100 వేసుకుని కొనాలి, లేదా నేరుగా యూపీఐలో 70 కట్టాలి. రెండూ ఒకే పొడవు దారి. "మరి ఏది చేశావ్?" అన్నాను. కౌంటర్ దగ్గర లైను చిన్నగా ఉందట, నోటిచ్చి తీసుకుందట.