తల తిప్పడానికి తొమ్మిది బొమ్మలు

గుమ్మంలో కూర్చుని ఓ పిల్ల పూలమాల కడుతోంది. లోపల్నుంచి అమ్మ పిలిచింది. పిల్ల ఎడమ నుంచి కుడికి తల తిప్పి చూసింది. సెకను కూడా పట్టని పని. దీన్ని బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్‌తో చేత్తో గీయాలంటే తొమ్మిది బొమ్మలు చాలు. చిక్కంతా వాటిని ఏ వరసలో గీయాలన్న దగ్గరే. మొదటిది గీశాం కాబట్టి తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది అనుకుంటాం. అలా గీసుకుంటూ పోతే ఏడో బొమ్మకొచ్చేసరికి తల ఎక్కడో ఉంటుంది, చేరాల్సిన చోటు ఇంకెక్కడో ఉంటుంది.

బ్లెండర్ తెరిచి `File > New > 2D Animation` ఎంచుకుంటే తెల్లకాగితం లాంటి తెర వస్తుంది. గీతలకో లేయరు, రంగులకో లేయరు అందులో ముందే ఉంటాయి. సెకనుకి 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ గీయక్కర్లేదు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు నిలబెడితే మన కంటికి సరిపోతుంది. అందుకని మన బొమ్మలు 1, 3, 5 ఇలా బేసి ఫ్రేముల మీద పడుతూ 17 దగ్గర ఆగుతాయి.

ముందు గీయాల్సినవి రెండు చివర్లు. 1లో పిల్ల మాల వైపు చూస్తోంది, 17లో అమ్మ వైపు చూస్తోంది. కీఫ్రేములంటే ప్రధానంగా ఇవే. మూడోది నట్టనడుమ 9లో పడే బొమ్మ. యానిమేటర్లు దీన్ని బ్రేక్‌డౌన్ అంటారు. కదలిక స్వభావమంతా తేలేది దీనిలోనే. రెండు చివర్లకీ సగటు తీసి 9 గీశారనుకోండి, అట్టముక్కకి అతికించిన మొహాన్ని పక్కకి లాగినట్టుంటుంది. నిజంగా తల తిప్పేటప్పుడు ఎవరైనా అలా తిప్పుతారా? అద్దం ముందు నిలబడి చూసుకోండి. మధ్యలో గడ్డం కాస్త కిందికి దిగుతుంది, రెప్పలు వాలతాయి. ముక్కు కొన నడిచే దారి తిన్నటి గీత కాదు, లోతు తక్కువ మూకుడు అంచులా వంగి ఉంటుంది. అందుకే 9లో కళ్లు మూసి, గడ్డం దించి గీయాలి.

ఇక్కడ పనికొచ్చేది ఆనియన్ స్కిన్. వెనకటికి యానిమేటర్లు పల్చటి కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి, కింద దీపమున్న బల్లమీద గీసేవారు. ఉల్లిపొరలోంచి చూసినట్టు కింది బొమ్మలు లీలగా కనిపించేవి. బ్లెండర్ అదే పని తెరమీద చేస్తుంది. మీరున్న బొమ్మకి ముందున్నది ఆకుపచ్చగా, తర్వాతది నీలంగా నీడలా కనిపిస్తుంది. ఆబ్జెక్ట్ డేటా పేజీలో `Onion Skinning` కింద `Mode`ని `Keyframes` మీద ఉంచండి. అప్పుడు ముందు ఒకటి, వెనక ఒకటి అంటే ఒక్కో బొమ్మ అని అర్థం. `Frames` అని పెడితే లెక్క ఫ్రేముల్లోకి మారుతుంది. మన బొమ్మలు రెండేసి ఫ్రేముల ఎడంలో ఉన్నాయి కాబట్టి ఒకటి అని పెట్టినవాడికి పక్క బొమ్మ కనిపించదు.

ఇప్పుడు వరస సంగతి. 1, 9, 17 ఉన్నాయి. మొదటి సగంలో 3, 5, 7 కావాలి. తల తిప్పడం మెల్లిగా మొదలై, మధ్యలో జోరందుకుని, చివర మళ్లీ మెల్లబడాలి. కాబట్టి 3తో మొదలుపెట్టకండి. ముందు 7 గీయండి, 1కీ 9కీ సరిగ్గా మధ్యలో. తర్వాత 5, అది 1కీ 7కీ మధ్యలో. ఆఖర్న 3, అది 1కీ 5కీ మధ్యలో. 1 నుంచి 9 దాకా ముక్కు కొన తెరమీద 8 సెంటీమీటర్లు నడవాలనుకుంటే, 3 దగ్గర అది 1 సెంటీమీటరు, 5 దగ్గర 2, 7 దగ్గర 4 నడిచి ఉంటుంది. రెండో సగం దీనికి అద్దంలో బొమ్మ. ముందు 11, తర్వాత 13, చివర 15. 1, 9, 17 తప్పించి మిగతా ప్రతి బొమ్మకీ మీరు చేయాల్సింది రెండు నీడల నడిమధ్య చూసుకోవడమే, అదీ వంపు తప్పకుండా. ఈ వరసలో గీస్తున్నంతసేపూ ఉల్లిపొర మీకు కావాల్సిన ఆ రెంటినే చూపిస్తుంది. 3తో మొదలుపెట్టిన వాళ్లకి మాత్రం 1, 9 కనిపిస్తాయి. ఆ ఎడంలో ఎనిమిదో వంతు ఎక్కడుందో కంటికొలతకి ఎవరికి దొరుకుతుంది?

వంపు తప్పకుండా ఉండటానికో ఉపాయముంది. వేరే లేయరు వేసి 1లో ముక్కు దారిని ఒక్క గీతగా గీయండి. గ్రీజ్ పెన్సిల్‌లో ఒక బొమ్మ తర్వాతి కీఫ్రేము వచ్చేదాకా నిలిచే ఉంటుంది. ఆ లేయర్లో ఇంకో కీఫ్రేము లేదు గనక గీత చివరిదాకా అలాగే ఉంటుంది. దానిమీద ముక్కు పడే చోట్ల చుక్కలు పెట్టుకుంటే చాలు.

కొత్తవాళ్లని తికమకపెట్టేది కూడా ఈ నిలిచి ఉండే గుణమే. మీరు 7కి వెళ్లారు. అక్కడింకా కీఫ్రేము లేదు. కనిపిస్తున్నది 1లోని బొమ్మే, నీడలా కాదు, నల్లగా నిండుగా. టైమ్‌లైన్ మీద `Auto Keying` అనే గుండ్రటి బటన్ ఆగి ఉంటే, మీరు గీసిన గీత పోయి ఆ 1లోనే పడుతుంది. మొదటి గీత వేశాక కూడా పాత బొమ్మ నల్లగానే ఉంటే అదే గుర్తు, వెంటనే వెనక్కి తీసుకోండి. `Insert Blank Keyframe`తో ముందే ఖాళీ కాగితం పరుచుకుని, రెండు నీడలూ వచ్చాక గీయడం నా అలవాటు.

ఇంకో తప్పు నేనే చేశాను. మొదట్లో గీసిన తల తిరుగుతూ తిరుగుతూ నిమ్మకాయంత అయింది. రెండు నీడల లోపలి అంచులు పట్టుకుని గీస్తే ప్రతి బొమ్మా వెంట్రుకవాసి తగ్గుతుంది. పక్కపక్క బొమ్మల్లో అది కనబడదు. అందుకని డోప్ షీట్‌లో 1, 17లని ఎంచుకుని `R` నొక్కి `Extreme` రకంగా మార్చండి. ఆనియన్ స్కిన్‌లో `Filter by Type`ని అదే రకం మీద పెట్టి, ముందు వెనకల లెక్కని చివర్లు అందేంత పెంచితే ఏ బొమ్మ దగ్గరున్నా చివరి రెండే నీడలుగా వస్తాయి. తల పరిమాణం వాటితో పోల్చి చూడొచ్చు.

నడిమి బొమ్మలని బ్లెండరే గీయదా అని అడగొచ్చు. గీస్తుంది, `Interpolate Sequence` ఉన్నది అందుకే. అయితే అది మొదటి బొమ్మలోని తొలి గీతని రెండో బొమ్మలోని తొలి గీతతో జత కడుతుంది, ఆ తర్వాత రెండోదాన్ని రెండోదానితో. గీసిన వరస మారితే కనుబొమ్మ వెళ్లి పెదవి అవుతుంది. పైగా తల తిరిగేకొద్దీ ఒక పక్క చెవి మరుగున పడి ఇంకోటి బయటికొస్తుంది, జత లేని గీతని అదేం చేస్తుంది? దగ్గరదగ్గరగా ఉన్న 13, 15, 17ల వంటి చోట దాన్ని వాడుకోవచ్చు. 9ని మాత్రం దాని చేతికి ఇవ్వను.

మిగిలింది జడ. దాన్ని తలతో కలిపి గీయకండి, వేరే లేయర్లో ఉంచండి. ఆనియన్ స్కిన్ లేయరు లేయరుకీ విడిగా ఆపుకోవచ్చు కాబట్టి, జడ గీసేటప్పుడు తల నీడలు అడ్డురావు. తల 9కి వచ్చేసరికి జడ మొదలు కదిలి ఉంటుంది, కుచ్చులు మాత్రం ఇంకా 1లో ఉన్నచోటే ఉంటాయి. 17లో తల ఆగింది. ఆ లేయర్లో ఇక కొత్త కీఫ్రేములు లేవు, మొహం అమ్మ వైపు చూస్తూ నిలబడిపోతుంది. జడ లేయర్లో మాత్రం 19, 21 ఇలా 25 దాకా గీయాలి. కుచ్చులు తలని దాటి ఊగిపోయి, 25 దగ్గర వెనక్కి వచ్చి వీపు మీద ఆగుతాయి.