ప్రూఫులు ప్రశ్నార్థకాలు కాకుండా

విజయవాడలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది. డిసెంబరు వచ్చిందంటే తెలుగు ప్రచురణకర్తలకు ఊపిరాడదు. అలాంటి ఒక చిన్న ప్రచురణ సంస్థ ఉందనుకుందాం. ఏ పుస్తకానికి ఏ పని మిగిలింది, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది ఇన్నాళ్లూ ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటున్నారు. ఇప్పుడు ఆ నలభై పనులనూ రెడ్‌మైన్‌లోకి మార్చాలనుకున్నారు. అది పనులు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. నలభై పనులనూ మళ్లీ టైపు చేయనక్కర్లేదు. షీట్‌ను CSV ఫైలుగా సేవ్ చేసి ఎక్కించవచ్చు.

CSV అంటే ఉత్త అక్షరాల ఫైలు. ఒక్కో పనికి ఒక్కో వరుస, గడికీ గడికీ మధ్య కామా. రంగులు, ఫాంట్లు, సూత్రాలు ఏవీ అందులో ఉండవు.

```
Subject,Assignee,Due date,Status
"మూడో ప్రూఫు, విషయసూచిక",ramana,2026-12-05,New
ముఖచిత్రం డిజైన్,lakshmi,2026-12-18,New
```

మొదటి పని పేరు చుట్టూ కొటేషన్ గుర్తులున్నాయి చూడండి. అవి లేకపోతే పేరులోని కామాను ప్రోగ్రామ్ గడి హద్దు అనుకుంటుంది. ‘విషయసూచిక’ బాధ్యుడి గడిలోకి జారుతుంది, ఆ వెనకవన్నీ ఒక్కో గడి పక్కకు జరుగుతాయి. ఎక్సెల్ ఈ గుర్తులను తనే పెడుతుంది. చేత్తో రాసిన ఫైళ్లలోనే ఈ తప్పు ఎక్కువ.

అసలు నష్టం సేవ్ చేసేటప్పుడే జరగవచ్చు. ఎక్సెల్‌లో `CSV (Comma delimited)` అని ఒకటి, `CSV UTF-8 (Comma delimited)` అని ఒకటి, రెండు రకాలు కనిపిస్తాయి. పేర్లు చూస్తే కవలల్లా ఉంటాయి గానీ తెలుగువాడికి మొదటిది పనికిరాదు. అది విండోస్ పాత అక్షర పట్టికల్లో ఒకదానితో రాస్తుంది. ఆ పట్టికల్లో తెలుగుకు చోటే లేదు. తనకు తెలియని ప్రతి అక్షరం దగ్గరా అది ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతుంది. ‘ప్రూఫు’ అన్న మాటను కంప్యూటర్ ఆరు గుర్తులుగా దాచుకుంటుంది: ప, పొల్లు, ర, దీర్ఘం, ఫ, కొమ్ము. కాబట్టి ఫైలులో `??????` మిగులుతుంది. ఆ ప్రశ్నార్థకాల్లోంచి మాటను వెనక్కి రప్పించే దారి లేదు. అందుకే మూల ఎక్సెల్ ఫైలును ముట్టుకోకుండా పక్కన ఉంచాలి. గూగుల్ షీట్స్ నుంచి CSV దించుకుంటే ఈ బాధ లేదు, అది UTF-8లోనే ఇస్తుంది.

ఇంకో రకం చెడిపోవడం ఉంది. చూడ్డానికి దీనికన్నా భయంకరం, నిజానికి నిరపాయం. ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు `à°`, `à±` అనే జంటలు వరుసగా కనిపిస్తాయి. UTF-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు, వాటిలో మొదటి రెండూ E0 B0 లేదా E0 B1. చదివే ప్రోగ్రామ్ వాటిని పాత పాశ్చాత్య పట్టిక ప్రకారం విడివిడిగా చదివితే ఈ జంటలు పుడతాయి. అంటే ఫైలు బాగానే ఉంది, చదివిన తీరే తప్పు. గూగుల్ నుంచి వచ్చిన ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు తరచూ జరిగేది ఇదే. అప్పుడు సేవ్ నొక్కకుండా మూసేసి, `Data` మెనూలో `From Text/CSV` ద్వారా తెరిచి, `65001: Unicode (UTF-8)` ఎంచుకుంటే తెలుగు తెలుగులా కనిపిస్తుంది. ఉత్తినే చూసుకోవడానికైతే నోట్‌ప్యాడ్ మేలు.

ప్రచురణ రంగంలో మూడో చిక్కు కూడా ఉంది. డీటీపీ వాళ్లు పుస్తకాల పేర్లను అను ఫాంట్లలోంచి కాపీ చేసి షీట్‌లో పెట్టి ఉంటే, అవి తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే గుర్తులు. ఫాంట్ వేషం వేస్తోందంతే. CSVలో ఫాంటే ఉండదు కాబట్టి వేషం ఊడిపోతుంది. ఏ ఎన్‌కోడింగ్ ఎంచుకున్నా ఇది బాగుపడదు. ముందే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ గుండా పంపాలి, పంపాక కళ్లతో చదివి సరిచూసుకోవాలి.

ఫైలు ఎక్కించాక రెడ్‌మైన్ ఎన్‌కోడింగ్‌నూ తేదీ రాసిన పద్ధతినీ అడుగుతుంది, మొదటి కొన్ని వరుసల నమూనా చూపిస్తుంది. మనం చెప్పాల్సిన అతి ముఖ్యమైన సంగతి తేదీ. 05/12/2026 అంటే మనకు డిసెంబరు 5, అమెరికా పద్ధతిలో మే 12. మన నలభై పనుల గడువులు రోజు/నెల/సంవత్సరం పద్ధతిలో ఉన్నాయనుకుందాం. ఎక్కించే మనిషి పొరపాటున `MM/DD/YYYY` ఎంచుకున్నాడు. 18/12/2026 లాంటి వరుసలను ప్రోగ్రామ్ తిప్పికొడుతుంది, పద్దెనిమిదో నెల లేదు కాబట్టి. అలా పదిహేడు పనులు ఆగిపోయాయి, ఇరవై మూడు లోపలికి వెళ్లాయి. అతను ఆ పదిహేడింటినీ చేత్తో దిద్ది, పని అయిపోయిందనుకుంటాడు. నిజానికి ప్రమాదం గొడవ చేయకుండా వెళ్లిన ఇరవై మూడింటిలో ఉంది. డిసెంబరు 5న అచ్చుకు పోవాల్సిన పుస్తకం గడువు మే 12 అయి కూర్చుంది. సంవత్సరంలో ఇలా రెండు రకాలుగానూ చదవదగ్గ తేదీలు 144. ఐదో నెల ఐదో తారీఖు లాంటి పన్నెండు తీసేస్తే, చప్పుడు లేకుండా తారుమారయ్యేవి 132. కొన్ని వరుసలు తేదీ వల్ల ఆగాయంటే, ఆగనివాటినే అనుమానించాలి.

ఇదే తారుమారు అంతకుముందే ఎక్సెల్‌లోనూ జరగవచ్చు. కంప్యూటర్ అమెరికా సెట్టింగుల్లో ఉంటే 05/12ని అది మే నెలగా తీసుకుంటుంది, 18/12ని మాత్రం ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. గడి అమరిక మార్చి ఉండకపోతే తేడా కంటికే తెలుస్తుంది: తేదీలు గడికి కుడివైపు, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి. ఒకే నిలువు వరుసలో రెండూ కలిసి ఉంటే కుడివైపువి మే, అక్టోబరు అయిపోయాయేమో చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, పక్క నిలువు వరుసలో ఈ సూత్రం వేసి ఆ వరుసనే వాడండి:

```
=TEXT(C2,"yyyy-mm-dd")
```

సంవత్సరం ముందు, నెల మధ్య, రోజు చివర ఉన్న తేదీని తప్పుగా చదవడం కష్టం.

ఇక మిగిలింది ఏ నిలువు వరుస ఎక్కడికి వెళ్లాలో చెప్పడం. ‘పని’ని `Subject`కీ, ‘గడువు’ను `Due date`కీ కలపడం ఎవరైనా చేస్తారు. చాలామంది మరిచేది గడుల లోపలి విలువలను. ‘జరుగుతోంది’ అన్న స్థితి రెడ్‌మైన్‌లో ఆ పేరుతో లేకపోతే, పని మామూలు మొదటి స్థితితోనే నమోదవుతుంది. బాధ్యుడి పేరు సరిపోలకపోతే పని ఎవరి పేరా లేకుండా పడి ఉంటుంది. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు. ఇక్కడ తెలుగుకే ఉన్న ఒక కిటుకుంది. ‘శ్రీనివాస్’ అని పొల్లుతో ముగిసే పేరు టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనబడని గుర్తును చేరుస్తాయి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉన్న పేరూ లేని పేరూ తెరమీద ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం రెండు. అలాగని ఫైలంతటా దాన్ని తుడిచేయకూడదు, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య నుంచి పోతే ‘ఫ’ కింద ‘ట’ వత్తుకు తోడు ‘వ’ వత్తు కూడా చేరిపోతుంది. బాధ్యుల గడిలో పేర్లకు బదులు ఇంగ్లిష్ లాగిన్లు రాయడం తేలిక. పైన నమూనాలో ramana అని ఉన్నది అందుకే.

నలభైనీ ఒక్కసారే పంపకుండా, ముందు నాలుగు వరుసల ఫైలు చేసి ఎక్కించండి. ఆ నాలుగూ ఏరి పెట్టుకున్నవి కావాలి: పేరులో కామా ఉన్నది ఒకటి, పన్నెండులోపు తారీఖు ఒకటి, పన్నెండు దాటినది ఒకటి, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట ఉన్నది ఒకటి. లోపలికి వెళ్లాక నాలుగింటినీ తెరిచి, మూల షీట్ పక్కన పెట్టి చదవండి. సరిగ్గా ఉంటే వాటిని తొలగించి మొత్తం ఫైలు పంపండి. తొలగించడం మరిస్తే అవి రెండేసిసార్లు కనిపిస్తాయి.