లేపాక్షి బొమ్మ కింద రాసే కార్డు

అమ్మడూ, మీ బడి ప్రదర్శనలో పెట్టే ఫొటో ఇలా తే. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది బొమ్మ కదూ! గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు పరివారంతో నిలబడి దణ్ణం పెడుతున్నారు. అచ్యుతరాయల ఏలుబడి, అంటే 1529–1542 నాటి మాట. మన పి.గన్నవరం నుంచి అంత దూరం ఎంతమంది వెళ్తారు? చాలామందికి నీ కార్డే గుడి.

ముందు కూర్పు సంగతి. మెడ వాల్చి, ఫోను వంచి తీసిన ఫొటోలో దగ్గరి కొస పెద్దదై, అవతలి కొస చిన్నదవుతుంది. బొమ్మ చుట్టూ ఉన్న అంచు పట్టీలు ఒకవైపు దగ్గరపడుతున్నాయి చూడు. కాబట్టి ఈ మనిషి పెద్ద, ఆ మనిషి చిన్న అని అప్పుడే రాయకు. వరసగా నిలబడ్డారని, ముఖాలు పక్కకు తిప్పారని రాయి. అది వంకర ఫొటోలోనైనా మారదు.

రంగుల దగ్గర ఇంకా జాగ్రత్త. బట్టల తెలుపు పసుపు తిరిగింది. రంగు పాతబడిందా, దీపం వెలుగు పడిందా? ఫొటో మూలన రాతి స్తంభం కూడా పడింది, దాన్ని అడుగు. బూడిదరంగు రాయి కూడా పసుపుగా ఉంటే తప్పు వెలుగుది. రాయి మామూలుగానే ఉండి బట్టలొక్కటే పసుపైతే అది బొమ్మ మీదిదే.

ఇక పనితనం. తడి సున్నపు గారమీద రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని రాయిలా గట్టిపడుతూ రంగును తనలో కలిపేసుకుంటుంది. లేపాక్షిలో గార ఆరాక వేశారు. కళ్ళాపి తడి మీది ముగ్గుకీ, ఎండిన నేల మీది ముగ్గుకీ ఉన్న తేడా నీకు తెలుసుగా. పైపైన అంటుకున్న రంగు పొరలు పొరలుగా లేస్తుంది, కింద గార బయటపడుతుంది. కానీ పెచ్చు ఊడినంత మాత్రాన ఆరిన గార అని తేల్చకూడదు. నీరు కారితే తడి గార మీది బొమ్మా ఊడుతుంది. ఆ మాట కప్పు మీది గారను పరీక్షించినవాళ్ళ దగ్గర తీసుకోవాలి, ఫొటో చెప్పలేదు. ఆకారాల చుట్టూ ఉన్న నల్లగీత మాత్రం నీ కంటికే కనబడుతోంది, ధైర్యంగా రాసుకో.

ఇదిగో, నేనైతే ఇలా రాస్తాను:

“విరుపణ్ణ, వీరణ్ణ, పరివారం. లేపాక్షి, 16వ శతాబ్దం. ఆరిన సున్నపు గారమీద రంగులు. ఎర్రటి నేల మీద మనుషులు వరసగా నిలిచారు. పొడవాటి కుళ్ళాయిలు, పూల అద్దకపు తెల్ల బట్టలు చూడండి. నల్లగీతతో ఆకారం కట్టి, లోపల నీడలు లేకుండా చదునుగా రంగు నింపారు. కప్పు కింద నుంచి తీసిన ఫొటో. కొలతలు, రంగుల ఛాయలు అసలు బొమ్మకు కొంత తేడాగా ఉండవచ్చు.”