దుత్త పగలకుండా ఇంగ్లీషులోకి

‘అత్త మీద కోపం దుత్త మీద’ అన్న సామెతను ఇంగ్లీషు చేయాలంటే, ముందు అందులో ఏం పనిచేస్తోందో చూడాలి. అత్త, దుత్త అన్న ప్రాస నవ్విస్తుంది. ఎదురు చెప్పలేని కోడలు పాలకుండ మీద విసురు చూపడం కళ్లకు కడుతుంది. ఇంగ్లీషువాళ్లకు ఇదే అర్థంలో ‘పిల్లిని తన్నడం’ అనే నానుడి ఉంది. అది వాడితే భావం దక్కుతుంది కానీ వంటిల్లు మాయమవుతుంది. మాటకు మాట పెడితే కుండ మిగిలి, ప్రాస పోతుంది. ‘మ్యాడ్ ఎట్ ద మదరిన్‌లా, మీన్ టు ద మిల్క్‌పాట్’ అంటే కుండ ఉంటుంది, ప్రాసకు బదులు ‘మ’కారం మోగుతుంది. అయితే ఇంగ్లీషు హాస్యంలో అత్తగారు ఎక్కువగా అల్లుడిని సతాయించే మనిషి. అందుకే ఆ కోపం కోడలిదని ముందు వాక్యంలోనే తెలియజేయాలి.