సంతకానికి ముందు కలిపి చదవాల్సిన మూడు పేరాలు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయికి జర్మనీలోని మ్యూనిక్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిందనుకుందాం. జీతం, సెలవులు, చేరాల్సిన తేదీ మొదటి పేజీలోనే ఉన్నాయి. ఇంట్లో అందరూ ఆ పేజీనే చదివి సంతోషించారు. వెనక పేజీల్లో తలో చోట మూడు పేరాలున్నాయి: ఆరు నెలల ప్రొబేషన్, కంపెనీ పెట్టుకునే 4,800 యూరోల రీలొకేషన్ ఖర్చు, వర్క్ పర్మిట్ లేకపోతే ఉద్యోగం ముగుస్తుందన్న షరతు. విడివిడిగా చూస్తే మూడూ మామూలువే. కలిపి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు ప్రొబేషన్ చూద్దాం. జర్మన్ చట్టం ప్రకారం ఇది ఆరు నెలలు దాటకూడదు. ఈ కాలంలో ఉద్యోగి అయినా, కంపెనీ అయినా రెండు వారాల నోటీసుతో విడిపోవచ్చు. సాధారణంగా కారణం చెప్పక్కర్లేదు. తీసేయడానికి తగిన కారణం చూపాలన్న చట్టరక్షణ మొదటి ఆరు నెలలు గడిచాకే, అదీ పదిమందికి మించి పనిచేసే చోటే వర్తిస్తుంది. అంటే మార్చి 1న చేరిన ఈ అమ్మాయికి ఆగస్టు నెలాఖరుదాకా చేతిలో ఉన్న భరోసా రెండు వారాలే.

ఇప్పుడు డబ్బు పేరా. అందులో ఇలా ఉంది: ‘24 నెలల్లోపు ఏ కారణంతో ఉద్యోగం ముగిసినా ఉద్యోగి మొత్తం 4,800 యూరోలు తిరిగి చెల్లించాలి.’ ప్రమాదమంతా ‘ఏ కారణంతో’, ‘మొత్తం’ అన్న మాటల్లోనే ఉంది. అయిదో నెలలో కంపెనీయే వద్దనుకుని పంపేసినా, ఈ వాక్యం ప్రకారం ఆమే బాకీదారు. అందరికీ ఒకేలా అచ్చువేసి ఇచ్చే ఇలాంటి నిబంధన, ఎవరి వల్ల ఉద్యోగం పోయిందో చూడకుండా డబ్బు అడిగితే, జర్మన్ లేబర్ కోర్టులు దాన్ని సాధారణంగా చెల్లదంటాయి. కానీ ఉద్యోగం పోయి, పరాయి ఊళ్లో అద్దె కడుతూ కోర్టు మెట్లెక్కడం ఎంత కష్టమో ఆలోచించండి. సంతకానికి ముందే రెండు మార్పులు అడగడం మేలు. ఒకటి, ఉద్యోగి తనంతట తాను మానేసినప్పుడో, తన తప్పు వల్ల తీసేసినప్పుడో మాత్రమే డబ్బు తిరిగివ్వాలి. రెండు, పనిచేసిన ప్రతి నెలకూ బాకీ 24వ వంతు తగ్గాలి. అప్పుడు ఎనిమిది నెలలకు మానేస్తే మిగిలిన 16 నెలల వాటా, అంటే 3,200 యూరోలే కట్టాలి. ఆ 4,800లో ఏయే ఖర్చులున్నాయో కూడా లెటర్‌లో రాయించుకోవాలి.

మూడోది వీసా షరతు. ‘పర్మిట్ గడువు ముగిసిన రోజున ఉద్యోగం దానంతటదే ముగుస్తుంది’ అని ఉంటే అక్కడ ఆగండి. గడువు తీరకముందే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క. విదేశీయుల కార్యాలయం దానికి ఒక తాత్కాలిక పత్రం ఇస్తుంది. కాబట్టి షరతు కార్డు మీది తేదీకి ముడిపడకూడదు. ‘పర్మిట్‌ను అంతిమంగా నిరాకరించినప్పుడు’ అని ఉండాలి. ఈ నిరాకరణ వల్ల ఉద్యోగం పోతే రీలొకేషన్ డబ్బు అడగరని కూడా రాయించుకోవాలి.

ఇక మూడూ కలిస్తే ఏమవుతుందో చూడండి. అయిదో నెలలో తీసేశారు. నోటీసు కాలం రెండు వారాలు. ఉద్యోగం ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లోగా ఆ సంగతి విదేశీయుల కార్యాలయానికి ఆమే తెలపాలి. కోర్టులో సవాలు చేయాలంటే నోటీసు చేతికందిన మూడు వారాల్లోగా కేసు వేయాలి. ఈ-మెయిల్‌లో వచ్చిన తొలగింపు చెల్లదు, సంతకం చేసిన కాగితం ఉండాలి. యూరోపియన్ బ్లూ కార్డ్ తీసుకుని రెండేళ్లు నిండనివాళ్లకు, మూడు నెలల్లోపు నిరుద్యోగాన్ని కారణంగా చూపి కార్డు రద్దు చేయకూడదు. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఆమెకున్న వ్యవధి దాదాపు అదే. ఆ మూడు నెలల నెత్తిన 4,800 యూరోల బాకీ కూడా పడుతుందా లేదా అన్నది ఇవాళ డబ్బు పేరాలో మార్చుకునే నాలుగు మాటల మీద ఆధారపడి ఉంటుంది.

మరో జాగ్రత్త ఇక్కడి ఉద్యోగం గురించి. మన కంపెనీల్లో చాలాచోట్ల నోటీసు 90 రోజులు. ఆ భయంతో వీసా రాకముందే రాజీనామా చేస్తే, వీసా ఆలస్యమైనప్పుడు రెండు ఉద్యోగాలూ చేజారతాయి. ‘వీసా చేతికొచ్చాక ఇద్దరూ కలిసి చేరే తేదీ ఖాయం చేసుకుంటారు’ అన్న వాక్యం లెటర్‌లో చేర్చమనండి. హెచ్‌ఆర్ ఫోన్‌లో ఇచ్చిన మాట సరిపోదు. మార్పులన్నీ చేర్చిన కొత్త లెటర్ వచ్చాక, ఆ మూడు పేరాలూ మరోసారి పక్కపక్కన పెట్టి చదివి, అప్పుడు సంతకం చేయండి.