తన జవాబులే తనకు పాఠాలు

సీఫార్-10 అనే చిత్రాల సేకరణలో శిక్షణకు 50,000 చిన్న చిత్రాలున్నాయి. పిల్లి, కుక్క, ఓడ, విమానం ఇలా పది రకాలు. వాటిలో 40 చిత్రాలకే, అంటే రకానికి నాలుగింటికే, పేర్లు రాసిచ్చినా 2020లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఫిక్స్‌మ్యాచ్ పద్ధతి కొత్త చిత్రాలను సుమారు 88 శాతం సరిగ్గా గుర్తుపట్టింది.

పేరులేని చిత్రాన్ని కాస్త జరిపి, లేదా కుడిఎడమలు తారుమారు చేసి మోడల్‌కు చూపిస్తారు. 95 శాతానికి పైగా నమ్మకంతో ‘కుక్క’ అంటే, ఆ మాటే లేబుల్ అవుతుంది. దీన్నే సూడో లేబుల్ అంటారు. అదే చిత్రాన్ని రంగులు మార్చి, ఓ ముక్క కప్పేసి, ఇప్పుడూ కుక్కేననేలా నేర్పుతారు. నమ్మకం చాలకపోతే ఆ విడతకు వదిలేస్తారు.

చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉంది. కుక్కను పిల్లి అని గట్టిగా చెప్పినా అదీ పాఠమే. తన జవాబు పత్రం తానే దిద్దుకునే పిల్లవాడిలా, మరుసటి విడతకు తప్పు మీద ధీమా ఇంకా పెరుగుతుంది. రకానికి ఒక్క చిత్రమే ఇచ్చినప్పుడు, ఎంచుకున్న చిత్రాలను బట్టి ఫలితం 48 నుంచి 85 శాతం దాకా ఊగింది. తమ రకాన్ని బొత్తిగా పోలనివి ఇస్తే 10 శాతమే, అంటే గుడ్డి ఊహతో సమానం.

నమ్మకం అంకె చూస్తే ఇది బయటపడదు. మనుషులు పేర్లు పెట్టిన కొన్ని చిత్రాలను విడిగా దాచి పరీక్షించాలి. ఉన్నవే నలభై అయితే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, తప్పదు. సూడో లేబుళ్లను రకాలవారీగా లెక్కపెట్టినా ఆచూకీ దొరుకుతుంది: సీఫార్‌లో రకానికి 5,000 చిత్రాలే కాబట్టి, 8,000 పిల్లులు తేలితే వాటిలో కుక్కలో, మరేవో కలిసిపోయినట్టే.