ట్రయల్ రూమ్‌లో కూర్చుని చూశారా?

అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ప్యాంటులో ఉన్న లోపాలు సగం కనబడవు. బండి ఎక్కడానికి కాలు ఎత్తినప్పుడో, పెళ్లిలో చాప మీద మఠం వేసుకుని కూర్చున్నప్పుడో అవి బయటపడతాయి. అప్పటికే ట్యాగు తీసేసి, పొడవు కత్తిరించి కుట్టించేసి ఉంటాం. ఆల్టరేషన్ చేసిన బట్టను ఏ షాపువాళ్లూ వెనక్కి తీసుకోరు. అందుకే ట్రయల్ రూమ్‌లో ఆ నాలుగు కదలికలూ చేసి చూసుకోవాలి. ఏ కదలికకు ఎక్కడ పట్టేసిందో గమనిస్తే, పెద్ద సైజు అడగాలో, వేరే కట్ అడగాలో, టైలర్‌కు ఇస్తే సరిపోతుందో అక్కడే తేలిపోతుంది.

కూర్చున్నప్పుడు ఒంటి కొలతలు మారతాయి. నడుము వెనక నుంచి పిర్రల మీదుగా తొడల కిందికి వెళ్లే దూరం పెరుగుతుంది. ముందువైపు అదే దూరం తగ్గి, బట్ట పొట్ట కింద ముడతలు పడుతుంది. పొట్ట కూడా కాస్త పరుచుకుంటుంది కనుక నడుము కొలత చాలామందికి అంగుళం అటూ ఇటూగా పెరుగుతుంది. ఇదంతా ఓర్చుకోవాల్సింది ప్యాంటు వెనక నడుము నుంచి కిందికి దిగే సీటు కుట్టు. గొంతుక్కూర్చుంటే దాని మీద లాగుడు ఇంకా ఎక్కువ. మోకాళ్లు కూడా పూర్తిగా ముడుచుకుంటాయి కాబట్టి తొడలు, మోకాళ్లు, సీటు మూడూ ఒకేసారి బట్టను లాగుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆఫీసుకు వేసుకోవడానికి ఒకాయన 34 సైజు ఫార్మల్ ప్యాంటు తొడుక్కున్నాడు. నిలబడితే నడుము సరిగ్గా పట్టింది. స్టూలు మీద కూర్చోగానే వెనక నడుంపట్టీ కిందికి జారి చొక్కా టక్ బయటికొచ్చింది, ముందు బటన్ పొట్టలోకి గుచ్చుకుంది. సేల్స్‌మన్ 36 తెచ్చిచ్చాడు. నడుము వదులైంది. కూర్చుంటే మాత్రం వెనక పట్టీ అంతే జారింది. కారణం ఏమిటంటే, అక్కడ చాలనిది చుట్టుకొలత కాదు, లోతు. అంటే నడుంపట్టీ నుంచి రెండు కాళ్ల కుట్లు కలిసే చోటు వరకు ఉండే ఎత్తు. షాపుల్లో దీన్నే రైజ్ అంటారు. ఒక సైజు పెరిగినా రైజ్ పెద్దగా పెరగదు. ఆయన అడగాల్సింది 36 కాదు, 34లోనే మిడ్ రైజో హై రైజో ఉన్న వేరే మోడల్. రైజ్ తక్కువైతే టైలర్ కూడా ఏమీ చేయలేడు. అక్కడ కలపడానికి బట్టే ఉండదు.

నడుము బిగుతైతే సంగతి వేరు. మగవాళ్ల ఫార్మల్ ప్యాంట్లకు సీటు కుట్టులో, నడుము దగ్గర, అదనపు బట్ట వదిలి కుడతారు. ప్యాంటు తిరగేసి చూస్తే ఆ మడత తెలుస్తుంది. అది వెడల్పుగా ఉంటే నడుము అంగుళం, అంగుళంన్నర వదులు చేయించుకోవచ్చు. జీన్స్‌లో ఆ అవకాశం లేదు. అక్కడ రెండు అంచులనూ ఒకదాన్లోకి ఒకటి మడిచి డబుల్ కుట్టు వేసేస్తారు.

ముడతలు కూడా చాలా చెబుతాయి. కాళ్లు కలిసే చోటు నుంచి రెండు పక్కలకూ గీతల్లా ముడతలు సాగుతుంటే సీటు, తొడలు బిగుతన్న మాట. పక్క జేబుల నోళ్లు తెరుచుకుని నిలబడ్డా అంతే. అలాంటప్పుడు ఒక సైజు పెంచి, నడుము టైలర్ దగ్గర తగ్గించుకోవడం మంచి దారి. ఫోనూ పర్సూ జేబులో పెట్టుకునే అలవాటుంటే అవి పెట్టుకునే కూర్చోవాలి, ఖాళీ జేబులతో చూసింది లెక్కలోకి రాదు.

గొంతుక్కూర్చుని లేచాక ఇంకొక పని ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. సీటు కుట్టుకు రెండు వైపులా బట్టను వేళ్లతో పట్టుకుని మెల్లగా పక్కలకు లాగి చూడండి. కుట్టు పక్కన పోగులు ఎడంగా జరిగి సన్న సందులు కనిపిస్తే ఆ ప్యాంటు వదిలేయడమే నయం. దారం తెగకపోయినా బట్ట పోగులే జారిపోయి అక్కడ విచ్చుకుంటుంది. నున్నటి పాలిస్టర్, శాటిన్, రేయాన్ లాంటి బట్టల్లో ఇది ఎక్కువ. మళ్లీ కుట్టించినా నిలవదు.

“వేసుకుంటూ ఉంటే వదులవుతుంది సార్” అనే మాట ప్రతి షాపులోనూ వినబడుతుంది. స్ట్రెచ్ ఉన్న జీన్స్ విషయంలో అది కొంత నిజమే. నడుము, మోకాళ్లు కాస్త సాగుతాయి, ఉతికితే మళ్లీ దగ్గరకొస్తాయి. స్ట్రెచ్ లేని ఫార్మల్ ప్యాంటు అలా సాగదు. నూలు బట్టైతే మొదటి ఉతుకుకు కుంచించుకుపోయే వీలూ ఉంది కాబట్టి, కూర్చుంటే ఊపిరాడనిది కొనకూడదు.

చొక్కా దగ్గరికొస్తే చేతులెత్తడమే అసలు పరీక్ష. బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తాలి. చొక్కా రెండు మూడు అంగుళాలు లేవడం మామూలే. టక్ మొత్తం ఊడి బయటికొచ్చేస్తే మాత్రం లోపం చంక దగ్గర ఉంది. చంక బిగుతుగా ఉందని పెద్ద సైజు తీసుకుంటే సరిపోతుందని మనకు అనిపిస్తుంది, కానీ జరిగేది తలకిందులు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు చొక్కా అంతగా పైకి లేస్తుంది, ఎందుకంటే చెయ్యి అక్కడి నుంచే పక్క బట్టను పైకి లాగుతుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉన్న చొక్కాలో చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది. రెడీమేడ్ వాళ్లు అన్ని ఒళ్లకూ పట్టాలని చంకను కాస్త లోతుగానే కత్తిరిస్తారు. కత్తిరించేసిన చంకను టైలర్ పైకి తేలేడు. ఇంకో బ్రాండు చూడటమే మార్గం.

తర్వాత బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపాలి. వీపు మీద బట్ట బిర్రబిగిస్తే వెనక ప్లీట్ ఉన్న చొక్కా అడగండి. ఆడవాళ్లు షర్టు కొనేటప్పుడు ఇదే భంగిమలో పక్కకు తిరిగి, ఎద దగ్గర రెండు గుండీల మధ్య బట్ట నోరు తెరుస్తోందేమో చూసుకోవాలి. నిలబడి ముందు నుంచి చూస్తే అది కనిపించదు.

కుర్తీలకు పక్క చీలిక మొదలయ్యే చోటు చూడాలి. అది తుంటి కింద మొదలైతే, కూర్చున్నప్పుడు పిర్రల వెడల్పంతా ఆ మూల మీద పడి అక్కడే చిరుగుతుంది. బండి మీద అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. నడుము దగ్గర కుట్టున్న ఫ్రాకులు, గౌన్లలో చేతులెత్తాక ఆ కుట్టు పక్కటెముకల మీదికి ఎక్కి, చేతులు దించినా అక్కడే ఉండిపోతే పైభాగం పొడవు చాలలేదన్న మాట. లెగ్గింగ్స్ వేసుకుని గొంతుక్కూర్చున్నప్పుడు అద్దానికి వీపు పెట్టి వెనక్కి చూసుకోవాలి. అల్లిక సాగి లోపలి రంగు కనిపిస్తే అది పొడవాటి టాప్ కింద వేసుకోవడానికే పనికొస్తుంది.

చిన్న ట్రయల్ రూముల్లో గొంతుక్కూర్చోవడానికి చోటుండదు. అలాంటప్పుడు తలుపు తీసుకుని బయటికొచ్చి, షాపులో వేసిన కుర్చీలోనే కూర్చుని చూడండి. తొడుక్కున్న బట్ట ఎలా ఉందో చూసుకోవడానికి బయటికొస్తే ఏ షాపువాళ్లూ కాదనరు.